వెంట్రుకవాసి తేడా: ఈత పోటీల్లో నీటి నిరోధం, షేవింగ్, టెక్ సూట్లు

నీరు గాలి కంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. అందుకే నేల మీద పరుగుకూ నీటిలో ఈతకూ అంత తేడా. ప్రపంచస్థాయి స్విమ్మర్ 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 21 సెకన్లలో ముగిస్తే, ఆ వేగం గంటకు సుమారు 8.5 కిలోమీటర్లు. పార్కులో తీరుబడిగా జాగింగ్ చేసేవాళ్లు కూడా అంత వేగంతో పోగలరు. ఈతగాడి కండల్లో సత్తా లేక కాదు. అతను పెట్టే శ్రమలో పెద్ద భాగం ఎదురుగా ఉన్న నీటిని పక్కకు నెట్టడానికే ఖర్చయిపోతుంది. ఇలా కదలికను అడ్డుకునే బలాన్ని నిరోధం అంటారు. కోచ్‌లు, ఈతగాళ్లు మాత్రం ‘డ్రాగ్’ అనే వాడుక మాటే వాడతారు.

వేగం పెరగడానికి ఈతగాడికి రెండే మార్గాలు. ఒకటి, నీటిని ఇంకా బలంగా వెనక్కి తోయడం. రెండోది, నీరు తనను తక్కువగా అడ్డుకునేలా చూసుకోవడం. మొదటిదానికి ఏళ్ల తరబడి సాధన కావాలి. రెండోదానిలో కొంత భాగం పోటీ ముందు రోజు రాత్రి రేజర్‌తోనూ, రేసుకు అరగంట ముందు ఒంటికి బిగించుకునే సూట్‌తోనూ సాధ్యమవుతుంది.

నీరు మూడు రకాలుగా అడ్డుపడుతుంది

మొదటిది ఆకార నిరోధం. శరీరం ముందుకు పోతున్నప్పుడు తల, భుజాల ముందు నీటి పీడనం పెరుగుతుంది. వెనక, నడుము దాటాక, నీరు ఒంటిని అంటిపెట్టుకొని సాఫీగా ప్రవహించలేక విడిపోయి సుడులు తిరుగుతుంది. అక్కడ పీడనం తగ్గుతుంది. ముందు ఎక్కువ, వెనక తక్కువ కాబట్టి శరీరాన్ని వెనక్కి లాగుతున్నట్టే అవుతుంది. పిరుదులు, కాళ్లు కిందికి దిగిపోయిన ఈతగాడు నీటికి ఎక్కువ వెడల్పుగా ఎదురవుతాడు కాబట్టి అతనికి ఈ నిరోధం బాగా ఎక్కువ. చేతులు చెవుల వెనక్కి చాపి, అరచేయి మీద అరచేయి వేసి, బాణంలా సాగే భంగిమను స్ట్రీమ్‌లైన్ అంటారు. అది ఈ నిరోధాన్ని తగ్గించడానికే.

రెండోది తరంగ నిరోధం. నీటి పైభాగాన కదిలే ఏ వస్తువైనా అలలు పుట్టిస్తుంది. ఆ అలలను లేపడానికయ్యే శక్తి ఈతగాడి నుంచే పోతుంది. వేగం పెరిగేకొద్దీ తల దగ్గర పుట్టే అల పొడవవుతూ వచ్చి, చివరికి దాదాపు ఈతగాడి ఒడ్డూ పొడుగూ అంత అవుతుంది. అప్పుడు అతను తాను లేపిన అల పల్లంలోనే ఇరుక్కొని ఎదురుగా ఉన్న గట్టు ఎక్కుతున్నట్టు ఈదాల్సి వస్తుంది. పడవలకూ ఇదే ఇబ్బంది. నీటి మీద రేసు వేగంతో ఈదేటప్పుడు మొత్తం నిరోధంలో పెద్ద వాటా దీనిదే. నీటి లోపల అర మీటరు, ఇంకా లోతున వెళితే అలలు బాగా తగ్గిపోతాయి. గోడను తన్నిన తర్వాత ఈతగాళ్లు కొంతసేపు నీటి అడుగునే డాల్ఫిన్‌లా కాళ్లాడిస్తూ పోవడానికి కారణం ఇదే. ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై పోటీల్లో దీనికి 15 మీటర్ల హద్దు పెట్టారు. అక్కడికల్లా తల నీటిపైకి రావాలి.

మూడోది రాపిడి. చర్మానికి ఆనుకున్న పలుచటి నీటి పొర శరీరంతో పాటే ఈడ్చుకుపోతుంది. దాని పక్క పొరను అది, ఆ పక్క పొరను ఇది లాగుతూ ఉంటాయి. ఇలా శరీరం చుట్టూ ఏర్పడే పలుచటి నీటి తొడుగును సరిహద్దు పొర అంటారు. చర్మం గరుకుగా ఉన్నా, వెంట్రుకలున్నా ఆ పొర మందమవుతుంది, కలతపడుతుంది. మూడింటిలో రాపిడి వాటా చిన్నది. కానీ రేసు రోజున మార్చుకోగలిగింది కూడా ప్రధానంగా ఒంటి ఉపరితలమే. పైగా ఉపరితలం మారితే నీరు ఒంటి నుంచి విడిపోయే చోటు కూడా కొంత మారవచ్చు కాబట్టి దాని ప్రభావం ఒక్క రాపిడితో ఆగకపోవచ్చు.

లెక్క ఎలా పనిచేస్తుంది

నిరోధాన్ని లెక్కించే సూత్రం ఇది:

D = ½ρCAv²

ఇందులో ρ నీటి సాంద్రత. A నీటికి ఎదురయ్యే శరీర వైశాల్యం. C అనేది ఆకారాన్నీ ఉపరితలాన్నీ బట్టి మారే గుణకం. v వేగం. చూడాల్సింది చివరి అక్షరం మీది 2ను. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని అంత వేగంతో నెట్టుకుంటూ పోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అంటే శక్తి అవసరం వేగం ఘనంతో పాటు పెరుగుతుంది.

దీన్ని రేసు గడియారంలోకి మార్చి చూస్తే విషయం తేలికవుతుంది. 100 మీటర్లను 50 సెకన్లలో ఈదే స్విమ్మర్ తన సమయాన్ని 49.5కు తగ్గించుకోవాలంటే వేగం 1 శాతం పెరగాలి. అందుకు శక్తి ఇంచుమించు 3 శాతం పెరగాలి. అప్పటికే ఉన్న సత్తువంతా వాడుతున్నవాడు మరో 3 శాతం ఎక్కడి నుంచి తెస్తాడు? ఒక సీజనంతా కష్టపడితే వస్తుందో రాదో చెప్పలేని లాభం అది. అదే సత్తువతో, నిరోధాన్ని 3 శాతం తగ్గించుకున్నా అదే అర సెకను కలిసి వస్తుంది. మరోలా చెప్పాలంటే, నిరోధంలో తగ్గిన ప్రతి 1 శాతానికి సమయంలో దక్కేది సుమారు 0.33 శాతం.

ఇది స్థూలమైన లెక్క. డైవ్, మలుపులు, నీటి అడుగు ఈత అన్నిచోట్లా ఒకే నిష్పత్తి వర్తించదు. అయినా చిన్న తేడాల విలువ అర్థం కావడానికి ఇది చాలు. 2021 జూన్‌లో రోమ్‌లో జరిగిన పోటీలో కేరళ ఈతగాడు సజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ముగించి, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించిన తొలి భారతీయ స్విమ్మర్ అయ్యాడు. టోక్యో ఒలింపిక్స్ అర్హత ప్రమాణం 1 నిమిషం 56.48 సెకన్లు. మధ్యలో ఉన్నది సెకనులో పదో వంతు. అతని సగటు వేగంతో చూస్తే ఆ కాలంలో సాగే దూరం 17 సెంటీమీటర్లు. జానెడు కూడా కాదు. పై లెక్క ప్రకారం నిరోధంలో పావు శాతం తేడా వచ్చినా అంత దూరం అటో ఇటో అవుతుంది.

రేజర్ చేసే పని

ఈత పోటీల కోసం ఒళ్లు గొరుక్కునే అలవాటును 1950లలో ఆస్ట్రేలియన్లు ప్రచారంలోకి తెచ్చారు. ఈ పద్ధతికి ఆద్యుడిగా ఎక్కువమంది చెప్పే పేరు జాన్ హెన్రిక్స్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం అతనిదే. సమయం 55.4 సెకన్లు. ఆ తర్వాత ఇది అన్ని దేశాల ఈతగాళ్లకూ పాకింది. అయితే అది నిజంగా పనిచేస్తుందా, లేక మనసుకు కలిగే ధైర్యమా అన్న ప్రశ్న మూడు దశాబ్దాలు అలాగే ఉండిపోయింది.

దీన్ని అమెరికాలో రిక్ షార్ప్, డేవిడ్ కాస్టిల్ పరీక్షకు పెట్టారు. ఫలితాలు 1989లో వెలువడ్డాయి. కొందరు ఈతగాళ్ల చేత ఒకే వేగంతో బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదించి, రక్తంలో చేరిన లాక్టేట్‌ను కొలిచారు. కండరాలు ఎంత గట్టిగా శ్రమించాయో చెప్పే గుర్తు అది. తర్వాత వాళ్ల చేతులు, కాళ్లు, ఛాతీ, వీపు నున్నగా గొరిగించి మళ్లీ అదే వేగంతో ఈదించారు. లాక్టేట్ దాదాపు ఐదో వంతు తగ్గింది. ఒక్కో స్ట్రోక్‌కు ముందుకు సాగే దూరం పెరిగింది. షేవ్ చేసుకోకుండా పోల్చి చూడటానికి పెట్టుకున్న బృందంలో ఈ మార్పు కనిపించలేదు.

అసలు కారణాన్ని తేల్చినవి వాళ్లు చేసిన మరో రెండు పరీక్షలు. ఒకదానిలో ఈతగాణ్ని తాడుతో కట్టి, ఉన్నచోటే ఈదించారు. అలా ఈదేటప్పుడు శరీరం ముందుకు పోదు కాబట్టి నిరోధం ప్రసక్తి ఉండదు. అక్కడ షేవింగ్‌కు ముందూ తర్వాతా తేడా ఏమీ రాలేదు. రెండోదానిలో గోడను తన్ని, కాళ్లూ చేతులూ ఆడించకుండా బోర్లా సాగిపోతూ, వేగం ఎంత త్వరగా పడిపోతుందో కొలిచారు. షేవ్ చేసుకున్నాక వేగం నెమ్మదిగా తగ్గింది. రేజర్ వల్ల కండరాల బలం పెరగలేదని, నీటి అడ్డే తగ్గిందని ఈ రెండూ కలిపి చూస్తే తెలుస్తుంది.

ఆ రెండో పరీక్షను ఏ కొలనులోనైనా చేసి చూసుకోవచ్చు. గోడను తన్ని, స్ట్రీమ్‌లైన్‌లో కదలకుండా సాగి, ఆగిన చోట తల ఎక్కడుందో గట్టు మీద నిలబడ్డవాళ్లు గుర్తుపెట్టాలి. బ్యాక్‌స్ట్రోక్ వాళ్ల కోసం గోడకు 5 మీటర్ల దూరాన కట్టే జెండాలు కొలతకు అందుబాటులో ఉంటాయి. ఒకే లోతున, ఒకే భంగిమలో పది సార్లు చేసి సగటు తీయాలి. ఒకటి రెండు సార్లు చేస్తే, తన్నిన బలంలోని హెచ్చుతగ్గులే ఉపరితలం తేడాను మింగేస్తాయి.

నీటి అడ్డు తగ్గడం ఒక్కటే కాదు, ఈతగాళ్లు మరో మాట కూడా చెబుతారు. షేవ్ చేసుకొని తొలిసారి కొలనులో దూకినప్పుడు నీరు చల్లగా, చురుగ్గా, ఒళ్లంతా జారిపోతున్నట్టు తగులుతుందని అంటారు. రేజర్ వెంట్రుకలతో పాటు చర్మం మీది మృతకణాల పొరను కూడా తీసేస్తుంది. దాంతో స్పర్శ పదునెక్కి, అరచేయీ ముంజేయీ నీటిని ఎక్కడ పట్టుకుంటున్నాయో బాగా తెలుస్తుందని వాళ్ల అనుభవం. దీన్ని గడియారంతో విడిగా కొలవడం కష్టం. కొందరు ఇదే ఆలోచనతో, నీటి మీద పట్టు తగ్గుతుందేమోనని ముంజేతులను వదిలేసి మిగతా ఒళ్లంతా గొరుక్కుంటారు.

ఈ అనుభూతిని పెద్ద పోటీకే దాచుకోవడం కోసం చాలామంది సీజనంతా షేవ్ చేసుకోరు. అమ్మాయిలు కూడా వారాల తరబడి కాళ్ల మీది వెంట్రుకలను పెరగనిస్తారు. సాధనలో వదులు నిక్కర్లు వేసుకొని కావాలనే నిరోధం పెంచుకునేవాళ్లూ ఉన్నారు. పోటీ ముందు సాయంత్రం ముందుగా ట్రిమ్మర్‌తో పొడవు తగ్గించి, తర్వాత గోరువెచ్చని నీళ్లు, నురుగు, కొత్త బ్లేడుతో పని ముగిస్తారు. చెయ్యి అందని వీపును జట్టులోని తోటివాళ్లు గొరుగుతారు. తల విషయంలో ముడతలు పడని మందపాటి సిలికాన్ టోపీ ఆ పని చేసిపెడుతుంది కాబట్టి గుండు అవసరం లేదు.

పొరపాట్లు జరిగేది కూడా ఇక్కడే. జీవితంలో మొదటిసారి షేవింగ్‌ను రేసు రోజు పొద్దున పెట్టుకుంటే చర్మం మండుతుంది. క్లోరిన్ నీటిలో ఆ మంట ఇంకా పెరుగుతుంది. మొండి బ్లేడుతో గీస్తే వెంట్రుకల కుదుళ్లు వాచి ఎర్రటి పొక్కులొస్తాయి. ఒకే రేజర్‌ను నలుగురు వాడితే చర్మవ్యాధులే కాదు, రక్తం ద్వారా పాకే జబ్బులు కూడా అంటుకునే ప్రమాదం ఉంది. ఎవరి బ్లేడు వాళ్లదే కావాలి.

ఇంకో చిక్కు లెక్కలో ఉంది. ఈతగాళ్లు షేవ్ చేసుకునే రోజుల్లోనే సాధన తగ్గించి కండరాలకు విశ్రాంతి ఇస్తారు. దీన్ని టేపర్ అంటారు. బాగా కుదిరిన టేపర్ ఒక్కటే సమయాన్ని 2 శాతం దాకా తగ్గించగలదు. దానికి షేవింగ్, కొత్త సూట్, పెద్ద పోటీ ఉత్సాహం కలుస్తాయి. అందుకే ఈతగాడు రెండు సెకన్లు తగ్గించుకుని బయటికొస్తే అందులో రేజర్ వాటా ఎంతో చెప్పలేం. తాడు కట్టి ఈదించిన పరీక్ష విలువ అక్కడే తెలుస్తుంది.

సూట్ ఒంటి రూపాన్ని మార్చినప్పుడు

రేజర్ ఉపరితలాన్ని మాత్రమే మారుస్తుంది. టెక్ సూట్ ఆకారాన్ని కూడా మారుస్తుంది. ఒంటికి మామూలుగా సరిపోయే కొలత కంటే చాలా బిగుతుగా ఉండే ఈ సూట్ పొట్టను, పిరుదులను, తొడలను లోపలికి నొక్కి పెడుతుంది. కండ, కొవ్వు ఒత్తిడికి అదరడం తగ్గుతుంది. ఒళ్లు నునుపైన గొట్టంలా మారి నీటికి ఎదురయ్యే వైశాల్యం కాస్త తగ్గుతుంది. పై సూత్రంలోని A, C రెండూ దిగుతాయన్నమాట. బట్ట నీటిని పీల్చుకోకుండా పైన పూత ఉంటుంది. కుట్టు దారాలు పొడుచుకు రాకుండా అతుకులను అంటిస్తారు.

ఈ ఆలోచన ఒక్కసారిగా రాలేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి స్పీడో సంస్థ ఫాస్ట్‌స్కిన్ పేరుతో సొరచేప చర్మాన్ని పోలిన గీతల బట్టను తెచ్చింది. సొరచేప చర్మం మీది సన్నని పళ్లలాంటి పొలుసులు నీటి ప్రవాహాన్ని మారుస్తాయి. కానీ 2012లో హార్వర్డ్‌లో యోహానెస్ ఓఫ్నర్, జార్జ్ లాడర్ చేసిన ప్రయోగాల్లో ఆ బట్ట మీది గీతలు నిజమైన సొరచేప పొలుసుల్లా పనిచేయవని తేలింది. సూట్‌కు లాభమంటూ ఉంటే అది గీతల నుంచి కాక, బిగుతు నుంచీ అది ఒంటికి ఇచ్చే రూపం నుంచీ రావాలి.

2008 ఫిబ్రవరిలో వచ్చిన స్పీడో ఎల్‌జడ్‌ఆర్ రేసర్ ఆ బిగుతునే లక్ష్యంగా పెట్టుకుంది. నాసా గాలి సొరంగంలో బట్టలను పరీక్షించారు. దారపు కుట్లకు బదులు అల్ట్రాసౌండ్‌తో అతికారు. ఎక్కువ నిరోధం పుట్టే చోట్ల పాలీయురేథేన్ పలకలు అమర్చారు. పాలీయురేథేన్ ఒక రకం ప్లాస్టిక్. అందులోంచి నీరు గానీ గాలి గానీ దూరవు. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈత స్వర్ణాల్లో పదింట తొమ్మిదికి పైగా ఈ సూట్ వేసుకున్నవాళ్లకే దక్కాయి.

మరుసటి ఏడాది ఇతర సంస్థలు ఇంకో అడుగు వేశాయి. పలకలు అక్కర్లేదు, సూట్ అంతా పాలీయురేథేన్‌తోనే చేశాయి. నీరు దూరని ఆ తొడుగు కింద కొద్దిగా గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి వల్ల ఈతగాడు నీటిలో కొంచెం పైకి తేలతాడు. నీటిలో మునిగిన భాగం తగ్గితే నిరోధం కూడా తగ్గుతుంది. ముఖ్యంగా కాళ్లు బరువుగా దిగిపోయే ఈతగాళ్లకు, రేసు చివర్లో అలసి నడుము జారిపోయేవాళ్లకు అది పెద్ద సాయం. ఏళ్ల సాధనతో నేర్చుకోవాల్సిన భంగిమను సూట్ అరువిచ్చింది.

రోమ్, 2009

ఆ ఏడాది వేసవిలో రోమ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్స్ ఈత పోటీలు ఎనిమిది రోజులు సాగాయి. ఆ ఎనిమిది రోజుల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. అందులో ఒక రేసును దగ్గరగా చూస్తే సూట్ చేసిన పని కళ్లకు కడుతుంది.

పురుషుల 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్లో జర్మనీకి చెందిన పాల్ బీడర్‌మన్, అమెరికా దిగ్గజం మైకేల్ ఫెల్ప్స్‌ను ఓడించాడు. ఫెల్ప్స్ ఒంటి మీద ముందటి ఏటి ఎల్‌జడ్‌ఆర్ ఉంది. బీడర్‌మన్ వేసుకున్నది పూర్తి పాలీయురేథేన్‌తో చేసిన అరీనా ఎక్స్-గ్లైడ్. బీడర్‌మన్ సమయం 1 నిమిషం 42.00 సెకన్లు, ప్రపంచ రికార్డు. ఫెల్ప్స్ 1:43.22. ఏడాది ముందు బీజింగ్‌లో ఇదే రేసులో బీడర్‌మన్ 1:46.00తో అయిదో స్థానంలో నిలిచాడు. ఒక్క ఏడాదిలో నాలుగు సెకన్లు తగ్గడం ఆ స్థాయిలో మామూలు విషయం కాదు. సూట్ తనకు కలిసొచ్చిందని అతనే నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఫెల్ప్స్‌ను అలాంటి సూట్ లేకుండా ఓడించే రోజు రావాలని కోరుకుంటున్నానన్నాడు.

ఆ సూట్లను నిషేధించాక, 2011లో షాంఘై ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో బీడర్‌మన్ మామూలు బట్ట సూట్‌తో ఇదే దూరాన్ని ఈదాడు. సమయం 1:44.88, మూడో స్థానం. రెండు రేసులనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 102.00 సెకన్లప్పుడు సగటు వేగం సెకనుకు 1.96 మీటర్లు. 104.88 సెకన్లప్పుడు 1.91 మీటర్లు. తేడా దాదాపు 2.8 శాతం. అతని సత్తువ రెండు రోజులూ ఒకటే అనుకుంటే, వేగం ఘనాన్ని బట్టి లెక్క వేసినప్పుడు రోమ్‌లో నీటి నిరోధం సుమారు 8 శాతం తక్కువై ఉండాలి. రెండేళ్లలో అతని ఫామ్, విశ్రాంతి, ఆరోగ్యం అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి ఈ 8ని ఖచ్చితమైన కొలతగా తీసుకోకూడదు. అయినా సూట్ ప్రభావం ఏ స్థాయిలో ఉందో దీన్ని బట్టి ఊహించవచ్చు. చూపుకు ఆనని కొన్ని శాతాల నిరోధం ప్రపంచ విజేతకూ మూడో స్థానానికీ మధ్య దూరమైంది.

సమస్య వేగం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. కానీ సూట్ అందరికీ ఒకేలా సాయం చేయలేదు. ఒంటి తీరును బట్టి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ కలిసొచ్చింది. ఏ సంస్థతో ఒప్పందం ఉందో దాన్ని బట్టి గెలుపోటములు మారే పరిస్థితి వచ్చింది. గెలిచింది ఈతగాడా, అతని తొడుగా అన్నది తేల్చడం కష్టమైంది. అంతర్జాతీయ ఈత సమాఖ్య, అప్పటి పేరు ఫినా, ఇప్పటి పేరు వరల్డ్ అక్వాటిక్స్, 2010 జనవరి 1 నుంచి కొత్త నియమాలు అమలు చేసింది.

వాటి ప్రకారం మగవాళ్ల సూట్ బొడ్డు కింద మొదలై మోకాలి పైన ముగియాలి. ఆడవాళ్ల సూట్ భుజాల నుంచి మోకాలి వరకే ఉండాలి. జిప్పులు కూడదు. నీరు దూరే నేత బట్టనే వాడాలి. మందం 0.8 మిల్లీమీటర్లు దాటకూడదు. సూట్ ఇచ్చే తేలుడు బలం 0.5 న్యూటన్లు మించకూడదు. అంటే ఇంచుమించు 50 గ్రాముల బరువును ఎత్తేంత. ఒకదాని మీద ఒకటి రెండు సూట్లు వేసుకోవడాన్ని అంతకుముందే ఆపేశారు.

నిషేధం ఫలితం గడియారం మీద వెంటనే కనిపించింది. రోమ్‌లో ఎనిమిది రోజుల్లో 43 రికార్డులు వచ్చిన క్రీడలో, 50 మీటర్ల కొలనులో తర్వాతి ప్రపంచ రికార్డుకు 2011 జూలై దాకా ఆగాల్సి వచ్చింది. షాంఘైలో ర్యాన్ లోక్టీ 200 మీటర్ల వ్యక్తిగత మెడ్లీలో దాన్ని సాధించాడు. రోమ్‌లో సీజర్ సియెలో 46.91 సెకన్లతో నెలకొల్పిన 100 మీటర్ల ఫ్రీస్టైల్ రికార్డు 13 ఏళ్లు నిలిచింది. 2022లో రొమేనియా కుర్రాడు డేవిడ్ పోపోవిచి దాన్ని అదే రోమ్ కొలనులో 46.86తో దాటాడు. బీడర్‌మన్ 400 మీటర్లలో సాధించిన 3:40.07ను జర్మనీకే చెందిన లూకస్ మార్టెన్స్ 2025 ఏప్రిల్‌లో 3:39.96తో చెరిపేశాడు. సూట్ ఇచ్చిన కొన్ని శాతాలను సాధనతో, నీటి అడుగు ఈతతో, మెరుగైన భంగిమతో సంపాదించడానికి ఒక తరం పట్టింది.

ఇప్పటి సూట్: లాభం, హద్దులు

నేటి టెక్ సూట్ బట్టతోనే తయారవుతుంది. కానీ బిగుతు మాత్రం తగ్గలేదు. కొత్తది వేసుకోవడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది. ఒళ్లు పూర్తిగా పొడిగా ఉండాలి. పాదం సులువుగా జారడానికి కొందరు ప్లాస్టిక్ సంచిని కాలికి తొడుక్కొని దాని మీదుగా సూట్‌ను ఎక్కిస్తారు. గోళ్లతో పట్టుకుంటే బట్ట చిరుగుతుంది కాబట్టి వేళ్ల మెత్తని భాగంతో, అంగుళం అంగుళంగా పైకి జరపాలి. తొడ మీది అతుకులు మెలితిరగకుండా నిటారుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

సరిగ్గా అమరిందో లేదో చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. తొడ అంచు దగ్గర గానీ, నడుము వెనక గానీ వేలు సులువుగా దూరిందంటే సూట్ వదులైనట్టే. డైవ్ చేయగానే ఆ సందులోంచి నీళ్లు చేరి, సూట్ గాలి నిండిన గొడుగులా ఉబ్బి వెనక్కి లాగుతుంది. అప్పుడు సూట్ లేకుండా ఈదడం కంటే నష్టం ఎక్కువ. మరీ బిగుతైనా చిక్కే. ఊపిరి నిండా తీసుకోలేకపోయినా, బ్రెస్ట్‌స్ట్రోక్ తన్నుకు తుంటి కీలు పూర్తిగా కదలకపోయినా, నిరోధంలో మిగిలింది కదలికలో పోతుంది.

పాతబడ్డ సూట్‌ను గుర్తించడం కష్టం కాదు. కొత్త సూట్ మీద నీటిచుక్కలు తామరాకు మీద బిందువుల్లా నిలిచి జారిపోతాయి. పూత పోయాక బట్ట వాటిని పీల్చుకుంటుంది. తొడుక్కోవడం తేలికైందంటే సాగే గుణం తగ్గినట్టే. కొన్ని పోటీలకే ఈ దశ వస్తుంది. అందుకే ఈతగాళ్లు మంచి సూట్‌ను ఫైనల్స్‌కు దాచుకొని, హీట్స్‌లో పాతది వేసుకుంటారు. రేసు అయ్యాక చల్లని మంచినీటిలో జాడించి, పిండకుండా నీడలో ఆరేస్తారు. క్లోరిన్, ఎండ, వాషింగ్ మెషిన్ మూడూ దానికి శత్రువులే. కొనేముందు సూట్ మీద వరల్డ్ అక్వాటిక్స్ ఆమోద ముద్ర ఉందో లేదో చూడాలి. ఆమోదం లేని సూట్‌తో ఈదితే ఫలితం రద్దవుతుంది.

చిన్నపిల్లలకు ఇవి అవసరమా అన్న ప్రశ్నకు అమెరికా ఈత సమాఖ్య 2020 సెప్టెంబరులో జవాబిచ్చింది. 12 ఏళ్లు, ఆ లోపు వయసు పిల్లలు తమ పోటీల్లో టెక్ సూట్ వాడకుండా నిషేధించింది. నిరోధం లెక్క కూడా ఆ నిర్ణయానికి బలమిస్తుంది. పిల్లల ఈతలో తల ఎత్తి చూడటం, కాళ్లు కిందికి దిగడం, గోడను తన్నాక చేతులు విడిపోవడం వంటివి మామూలు. వీటిలో ఏ ఒక్కటి సరిదిద్దినా ఆకార నిరోధం తగ్గే మేరకు, ఏ సూట్ కూడా తగ్గించలేదు. తల కొంచెం పైకెత్తితే నడుము దిగుతుంది. నడుము దిగితే నీటికి ఎదురయ్యే వైశాల్యం పెరుగుతుంది. వేల రూపాయల బట్ట ఇచ్చిన లాభాన్ని మెడ వంపు ఒక్కటే తినేస్తుంది.

కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసను నిరోధమే నిర్ణయిస్తుంది. తరంగ నిరోధాన్ని తగ్గించేది గోడ తర్వాతి నీటి అడుగు ఈత. ఆకార నిరోధాన్ని ముఖ్యంగా తగ్గించేది భంగిమ, ఆ తర్వాత సూట్. రాపిడిని తగ్గించేది రేజర్, సూట్ పూత. మొదటి రెండింటినీ సాధనతో సరిచేసుకున్న ఈతగాడికి మిగిలిన వెంట్రుకవాసి తేడాను మూడోది అందిస్తుంది. సెకనులో పదో వంతు మీద ఒలింపిక్స్ అర్హత నిలబడే చోట ఆ తేడా సరిపోతుంది.